ఫార్సీ భూతకాలాలకు ఇంగ్లిష్ టెన్స్ ఎంచుకోవడం: "నెషస్తె బూద్" దగ్గర మొదలయ్యే చిక్కు

ప్రశ్న: "ఇరాన్ కథలు ఫార్సీ నుంచి ఇంగ్లిష్‌లోకి అనువదిస్తున్నాను. క్రియారూపాలన్నీ గుర్తుపట్టగలను కానీ ఇంగ్లిష్‌లో ఏ టెన్స్ పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. నెషస్తె బూద్‌కి 'హ్యాడ్ శాట్' అని రాస్తే ఎడిటర్ కొట్టేశారు. ఒకచోట కర్దె అస్త్‌కి 'హ్యాజ్ డన్' అని రాస్తే అదీ కొట్టేశారు. మీరఫ్త్, దాష్త్ మీరఫ్త్ రెండూ 'వజ్ గోయింగ్' అనేనా? మీరఫ్తె అస్త్ అని వస్తే ఏం చెయ్యాలి? దేనికి ఏది అని ఒక టేబుల్ ఉంటే చెప్పండి."

జవాబు:

టేబుల్ ఉందండీ. ఫార్సీ నేర్పే ప్రతి గ్రామర్ పుస్తకంలోనూ ఉంటుంది. మీరు చేసిన ఆ రెండు తప్పులూ దాన్ని నమ్ముకుని చేసినవే. రఫ్త్ అంటే 'వెంట్', రఫ్తె అస్త్ అంటే 'హ్యాజ్ గాన్', రఫ్తె బూద్ అంటే 'హ్యాడ్ గాన్', మీరఫ్త్ అంటే 'వజ్ గోయింగ్' అని అందులో రాసి ఉంటుంది. రఫ్తన్, అంటే వెళ్ళడం అనే క్రియకి అది చాలావరకు సరిపోతుంది. పుస్తకాలవాళ్ళు ఉదాహరణకి ఎప్పుడూ రఫ్తన్‌నే తీసుకుంటారు కాబట్టి మిగతా క్రియలన్నీ అలాగే నడుస్తాయని మనం అనుకుంటాం. కథలోకి దిగి మొదటి పేజీలో ఎవరో ఒకరు కుర్చీలో కూర్చోగానే ఆ టేబుల్ పనికిరాకుండా పోతుంది.

కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. నెషస్తన్ అనే క్రియకి అసలు అర్థం నిలబడ్డ మనిషి కూర్చునే ఆ ఒక్క కదలిక. నెషస్త్ అంటే 'శాట్ డౌన్'. ఆ కదలిక పూర్తయ్యాక మిగిలే స్థితిని చెప్పడానికి ఫార్సీ నెషస్తె అస్త్ అంటుంది. అంటే కూర్చోవడం అయిపోయింది, దాని ఫలితం ఇంకా ఉంది. ఆ స్థితికి ఇంగ్లిష్ 'ఈజ్ సిట్టింగ్' అంటుంది. నెషస్తె బూద్ అంటే కథ జరిగే సమయానికి ఆ స్థితి ఉంది, కనుక 'వజ్ సిట్టింగ్'. రూపం చూస్తే ఫార్సీ వాక్యం పర్ఫెక్ట్‌లో ఉంది, ఇంగ్లిష్ వాక్యం కంటిన్యువస్‌లో ఉంది. రెండూ చూపించే దృశ్యం మాత్రం ఒకటే. మీ 'హ్యాడ్ శాట్' చదివిన ఇంగ్లిష్ పాఠకుడికి ఆయన ఇంతకుముందెప్పుడో కూర్చున్నాడని, ఇప్పుడు లేచిపోయి ఉండొచ్చని అనిపిస్తుంది.

ఈ ఒక్క విషయంలో ఇంగ్లిష్ కంటే తెలుగు మనకి బాగా దారి చూపిస్తుంది. "తాతయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు" అంటాం కదా. కూర్చుని అనే అయిపోయిన పని మీద ఉన్నాడు అనే స్థితి. నెషస్తె అస్త్ కట్టుబడి అచ్చంగా అదే. అందుకని నెషస్తె లాంటి రూపం కనబడగానే నేను ముందు దాన్ని తెలుగులో అనుకుంటాను. కూర్చుని ఉన్నాడు, నిలబడి ఉన్నాడు, పడుకుని ఉన్నాడు, గోడకి ఆనుకుని ఉన్నాడు, కోటు వేసుకుని ఉన్నాడు. తెలుగులో ఇలా హాయిగా పలికితే ఇంగ్లిష్‌లో దాదాపు ఎప్పుడూ 'వజ్'తో కూడిన 'ఇంగ్' రూపమో, ఒక విశేషణమో వస్తుంది. ఈస్తాదె బూద్ 'వజ్ స్టాండింగ్'. ఖాబీదె బూద్ 'వజ్ అస్లీప్', లేదా సందర్భాన్ని బట్టి 'వజ్ లయింగ్ డౌన్'. దెరాజ్ కెషీదె బూద్ కూడా 'వజ్ లయింగ్ డౌన్' అనే. తెక్యె దాదె బూద్ 'వజ్ లీనింగ్'. పూషీదె బూద్ 'వజ్ వేరింగ్'. ఈ క్రియలు ఎన్నో లేవు. ఒంటి భంగిమవి, బట్టలు వేసుకోవడానివి, అంటుకోవడం వేలాడటం లాంటివి. ఒకసారి చేతికి అలవాటైతే మళ్ళీ తప్పు రాదు.

ఇవే క్రియల్ని మీ- చేర్చి వాడినప్పుడు అర్థం ఎలా మారుతుందో చూస్తే విషయం ఇంకా గట్టిగా పట్టుబడుతుంది. మీనెషస్త్ అంటే 'వజ్ సిట్టింగ్' అని రాయాలనిపిస్తుంది, కానీ దానికి "రోజూ వచ్చి అక్కడ కూర్చునేవాడు" అని అర్థం. ఇంగ్లిష్‌లో 'వుడ్ సిట్' లేదా 'యూజ్డ్ టు సిట్'. దాష్త్ మీనెషస్త్ అంటే ఇంకా కూర్చోలేదు, కూర్చోబోతూ సగంలో ఉన్నాడు. అలాగే దాష్త్ మీఖాబీద్ అంటే నిద్రలో ఉన్నాడని కాదు, పడుకోబోతున్నాడని. ఖాబీదె బూద్, దాష్త్ మీఖాబీద్ రెండింటికీ 'వజ్ స్లీపింగ్' అని రాసిన అనువాదాలు నేను చదివాను. అలాంటి చోట కథలో దొంగ ఎప్పుడు లోపలికొచ్చాడో అర్థం కాదు.

ఒక్కోసారి అదే -ఎ రూపం పనిని చెబుతోందా, స్థితిని చెబుతోందా అనే సందేహం వస్తుంది. దర్ బస్తె బూద్ అంటే తలుపు మూసి ఉంది, 'ద డోర్ వజ్ క్లోజ్డ్'. దర్ రా బస్తె బూద్ అంటే అతను తలుపు మూసేశాడు, 'హి హ్యాడ్ క్లోజ్డ్ ద డోర్'. మధ్యలో రా వచ్చిందంటే ఆ పని చేసినవాడొకడున్నాడని గుర్తు, అప్పుడు 'హ్యాడ్' వైపు మొగ్గొచ్చు. ఈ గుర్తుకి బట్టల క్రియ ఒక మినహాయింపు. కొత్ రా పూషీదె బూద్‌లో రా ఉన్నా ఇంగ్లిష్ 'వజ్ వేరింగ్ ద కోట్' అనే అంటుంది. వేసుకున్నవాడి ఒంటి మీద ఆ కోటు ఇంకా కనిపిస్తోంది కదా.

ఇక రెండో తప్పు. ఫార్సీలో మాజీ-ఎ నక్లీ అనే రూపాన్ని, అంటే రఫ్తె అస్త్‌ని, కొన్ని ఇంగ్లిష్ పుస్తకాలు 'నెరేటివ్ పాస్ట్' అని పిలుస్తాయి. ఆ పేరు చూసి కథలు ఈ రూపంలో నడుస్తాయనుకోకండి. కథని ముందుకి నడిపేది మామూలు రఫ్త్, గొఫ్త్, ఆమద్ అనే సాదా రూపమే, దానికి ఇంగ్లిష్ సింపుల్ పాస్ట్. వరుసగా జరిగిన పనులన్నిటికీ ఇది సరిపోతుంది కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నక్లీ రూపం వచ్చిందంటే రచయిత కథ నడపడం ఆపి, వెనక్కి తిరిగి జరిగినదాన్ని ఒక సమాచారంగా చెబుతున్నాడని.

ఇక్కడే ఇంగ్లిష్‌తో గొడవ. ఫార్సీలో తేదీ చెప్పి కూడా నక్లీ వాడొచ్చు. చరిత్ర పుస్తకాల్లో, జీవిత చరిత్రల్లో, విజ్ఞాన సర్వస్వాల్లో ఇదే పద్ధతి. నాదెర్‌షాహ్ దర్ సాల్-ఎ 1151 బె దెహ్లీ హమ్లె కర్దె అస్త్ అని ఒక ఇరానీ రచయిత రాస్తే అందులో తప్పేమీ లేదు. జరిగిపోయిన సంగతిని ఒక రికార్డుగా మన ముందు పెడుతున్నాడంతే. దాన్ని ఇంగ్లిష్‌లో 'హ్యాజ్ అటాక్డ్' అని రాస్తే మాత్రం కుదరదు. ఎప్పుడు జరిగిందో చెప్పాక ఇంగ్లిష్ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ని ఒప్పుకోదు. 'నాదిర్ షా అటాక్డ్ ఢిల్లీ ఇన్ 1739' అనాల్సిందే. పనిలోపనిగా ఇంకో మాట. 1151 అనేది హిజ్రీ సంవత్సరం. టెన్స్ సరిచేస్తూ సంవత్సరాన్ని అలాగే వదిలేస్తే ఎడిటర్ ఇంకోసారి ఎర్రపెన్ను తీస్తారు.

ఈ తప్పు మనకి ఇంకో కారణం వల్ల కూడా తేలిగ్గా వస్తుంది. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే' అనే ఇంగ్లిష్ మన ఆఫీసుల్లో రోజూ వినబడుతుంది. ఫార్సీ కూడా తేదీతోపాటు పర్ఫెక్ట్‌ని ఒప్పుకుంటుంది కాబట్టి రాసేటప్పుడు చెవికి తప్పనిపించదు. నేనైతే నక్లీ రూపం ఉన్న ప్రతి వాక్యంలోనూ ఎప్పుడు అని చెప్పే మాట కోసం వెతుకుతాను. సంవత్సరం ఉన్నా, నిన్న అని ఉన్నా, చిన్నతనంలో అని ఉన్నా, చనిపోయిన మనిషి జీవితం గురించి అయినా సింపుల్ పాస్ట్ పెట్టేస్తాను. అలాంటిదేమీ లేకుండా ఇప్పటికి తేలిన ఫలితమే ముఖ్యమైతే ప్రెజెంట్ పర్ఫెక్ట్. మాదరెత్ రఫ్తె బాజార్ అంటే మీ అమ్మ ఇప్పుడు ఇంట్లో లేదు, 'యువర్ మదర్ హ్యాజ్ గాన్ టు ద మార్కెట్'. తా హాలా ఎస్ఫహాన్ రఫ్తె-ఈద్? అంటే ఇప్పటిదాకా ఎప్పుడైనా వెళ్ళారా అని. ఇక్కడ మళ్ళీ 'గాన్' పెడితే పొరపాటు, 'హ్యావ్ యు ఎవర్ బీన్ టు ఇస్ఫహాన్' అనాలి. వెళ్ళి అక్కడే ఉన్నవాడికీ వెళ్ళి తిరిగొచ్చినవాడికీ ఫార్సీ ఒకే రఫ్తె వాడుతుంది. ఇంగ్లిష్ ఆ ఇద్దరినీ వేరు చేస్తుంది.

సంభాషణల్లో ఇంకో ఇబ్బంది ఉంది. వ్యవహార భాషలో అస్త్ పడిపోతుంది, రఫ్తె-అమ్ కాస్తా రఫ్తమ్ అయిపోతుంది. అప్పుడు "వెళ్ళాను" అనే సాదా రఫ్తమ్‌కీ దీనికీ తేడా ఊనికలో మాత్రమే ఉంటుంది. సాదా రూపంలో ఒత్తు మొదటి అక్షరం రఫ్ మీద పడుతుంది, నక్లీలో చివరి తమ్ మీద పడుతుంది. కథ పుస్తకంలో చాలామంది రచయితలు ఆ హె అక్షరాన్ని రాసి తేడా చూపిస్తారు. సబ్‌టైటిల్స్ చేసేవాళ్ళు మాత్రం స్క్రిప్ట్ ఒక్కటే చూసి పని కానివ్వకూడదు, మాట వినాల్సిందే.

మీరు అడిగిన మీరఫ్తె అస్త్ కూడా ఈ నక్లీ కుటుంబంలోదే. దీన్ని చూసి కంగారుపడక్కర్లేదు. తెలుగువాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. "రోజూ అంత దూరం నడిచి వెళ్ళేవాడట" అంటాం చూశారా, ఆ చివరి ట అనేదే ఫార్సీలో మీరఫ్తె అస్త్. చెప్పేవాడు కళ్ళారా చూడలేదు, విన్నాడు, లేదా ఏదో ఆధారం చూసి ఊహించాడు. బారాన్ ఆమద్ అంటే వాన పడటం నేను చూశాను. పొద్దున్నే తలుపు తీసి తడిసిన వాకిలి చూసి బారాన్ ఆమదె అంటే "రాత్రి వాన పడినట్టుంది" అని. ఆ రెండో రకాన్ని పాత అలవాట్లకి, ఎక్కువకాలం సాగిన పనులకి వాడాల్సి వస్తే ముందు మీ- చేరుతుంది. ఇంకా వెనకటి సంగతికైతే రఫ్తె బూదె అస్త్ అనే రూపం కూడా వస్తుంది, "అప్పటికే వెళ్ళిపోయాడట" అని.

ఇంగ్లిష్ క్రియలో ఈ ట పెట్టే చోటు లేదు. కనుక కాలాన్ని మాత్రం మామూలుగా పెట్టుకోండి, 'యూజ్డ్ టు' గానీ సింపుల్ పాస్ట్ గానీ. విన్న మాట అనే రంగుని వాక్యంలో ఇంకో చోట చూపించండి. 'అపరెంట్లీ' గానీ, 'దె సే' గానీ, 'ఇట్ సీమ్స్' గానీ. పేరా మొదట్లో ఒక్కసారి పెడితే చాలు. ఫార్సీలో పది క్రియలకీ ఆ రూపం ఉంది కదా అని పదిసార్లు 'అపరెంట్లీ' రాస్తే చదివేవాడికి విసుగొస్తుంది, పైగా రచయిత ఎవర్నో వెటకారం చేస్తున్నట్టు ఉంటుంది. బారాన్ ఆమదె లాంటి ఊహకి 'ఇట్ మస్ట్ హ్యావ్ రెయిన్డ్' చక్కగా కుదురుతుంది. ఇంట్లో పాత ముచ్చట్లు చెప్పుకునే సందర్భాల్లో నేను 'దె సే' కంటే ఆ మాట చెప్పిన మనిషినే వాక్యంలోకి తెస్తాను, 'మై ఆంట్ టోల్డ్ అజ్' అని. ఎవరు చెప్పారో కథలో ముందే వచ్చి ఉంటేనే అలా చెయ్యాలి, లేనిది కల్పించకూడదు.

ఇప్పుడు మీరఫ్త్, దాష్త్ మీరఫ్త్. మొదటిది చాలా పనులు చేస్తుంది. అప్పుడు జరుగుతున్న పని, రోజూ జరిగే పని, చాలాకాలం ఉన్న స్థితి, జరగని పని, అన్నిటికీ అదే రూపం. రెండోది ఒక్కటే చెబుతుంది, ఆ క్షణాన పని నడుస్తోంది అని. ఇది ఈ కాలపు మాటల భాషలోంచి రాతలోకి వచ్చింది, పాత గ్రంథాల్లో వెతికితే దొరకదు. పాత శైలిలో రాసే రచయిత కంటిన్యువస్‌కి కూడా మీరఫ్త్ ఒక్కటే వాడతాడు. కాబట్టి దాష్త్ మీరఫ్త్ అని ఉంటే 'వజ్ గోయింగ్' అని ధైర్యంగా పెట్టొచ్చు, ఉత్త మీరఫ్త్ ఉంటే మాత్రం ఆగి చుట్టుపక్కల చూడాలి. దాష్త్ మీరఫ్త్‌కి వ్యతిరేక రూపం కూడా లేదు. దాష్త్ నెమీరఫ్త్ అని ఎవరూ అనరు, నెమీరఫ్త్ అనే అంటారు. అందుకని 'వజ్ నాట్ గోయింగ్' అని రావాల్సిన చోట ఫార్సీలో మీకు దాష్త్ కనిపించదు.

దాష్త్ రూపం ఒక్క క్షణంలో అయిపోయే క్రియలతో వస్తే జాగ్రత్త. దాష్త్ మీఓఫ్తాద్ అంటే "పడబోయాడు". అతను చివరికి పడలేదని తర్వాతి వాక్యంలో తెలిస్తే 'నియర్లీ ఫెల్' అని రాయండి. దాష్తమ్ దర్స్ మీఖాందమ్ కె తెలెఫోన్ జంగ్ జద్ లాంటి వాక్యంలో మధ్యనున్న కె 'దట్' కాదు, 'వెన్'. 'ఐ వజ్ స్టడీయింగ్ వెన్ ద ఫోన్ ర్యాంగ్'.

ఉత్త మీ- రూపానికి ఇంగ్లిష్ ఎంచుకోవడంలో మనవాళ్ళు ఎక్కువగా జారే చోటు మనసుకి సంబంధించిన క్రియలు. మీదానెస్త్, మీఖాస్త్, ఫెక్ర్ మీకర్ద్, మీషెనాఖ్త్. వీటికి మీ- ఉంది కదా అని 'వజ్ నోయింగ్', 'వజ్ వాంటింగ్' అని రాస్తే అది ఇంగ్లిష్ కాదు. 'న్యూ', 'వాంటెడ్', 'థాట్' చాలు. మరి ఫార్సీ ఆ మీ- ఎందుకు పెట్టింది? మనసులో ఉండిపోయిన స్థితి అని చెప్పడానికి. ఆ మీ- తీసేస్తే అది ఒక క్షణం అయిపోతుంది, అర్థం మారుతుంది. మీతవానెస్త్ అంటే చెయ్యగల శక్తి ఉండేది, 'కుడ్'. తవానెస్త్ అంటే ఆ పూట చెయ్యగలిగాడు, 'మేనేజ్డ్ టు'. తవానెస్త్ ఫరార్ కొనద్ అనే వాక్యానికి 'హి కుడ్ ఎస్కేప్' అని రాస్తే అతను జైల్లోంచి తప్పించుకున్నాడో లేదో ఇంగ్లిష్ పాఠకుడికి తెలీదు. 'హి మేనేజ్డ్ టు ఎస్కేప్' అంటే బయటపడ్డాడని తెలుస్తుంది. వ్యతిరేకంలో ఈ బాధ లేదు, నతవానెస్త్‌కి 'కుడంట్' అని ధీమాగా రాయొచ్చు. అలాగే మీఖాస్త్ బెరవద్ అంటే వెళ్ళాలని ఉంది, ఖాస్త్ బెరవద్ అంటే వెళ్ళబోయాడు, లేవబోయాడు. దాష్తన్, బూదన్ అనే రెండు క్రియలు మామూలుగా మీ- తీసుకోవు. దూస్త్ దాష్త్ చూడ్డానికి సాదా రూపంలా ఉన్నా ఒక్క క్షణపు ప్రేమ కాదు, 'లవ్డ్' అనే స్థితి.

అలవాటు చెప్పే మీ- రూపాలు వరసగా వస్తే ఇంగ్లిష్‌లో మొదటిదానికి 'యూజ్డ్ టు', తర్వాతి ఒకటి రెండింటికి 'వుడ్', ఆపైన సింపుల్ పాస్ట్ పెట్టండి. ఒక పేజీ నిండా 'వుడ్' ఉంటే పాఠకుడు అలసిపోతాడు. నివసించడం, తెలిసి ఉండటం లాంటి స్థితులకి ఈ 'వుడ్' పనికిరాదని గుర్తుంచుకోండి. 'వుడ్ లివ్ ఇన్ తబ్రీజ్' అంటే ముందుముందు ఉంటాడని అర్థం వస్తుంది.

ఇదంతా ఒక పేరాలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. మీ దగ్గరున్న కథ ఏదో నాకు తెలీదు కాబట్టి నేనే ఒక చిన్న పేరా రాస్తున్నాను.

"వఖ్తీ రెసీదమ్, పెదర్‌బొజొర్గమ్ కెనార్-ఎ పంజెరె నెషస్తె బూద్. బారాన్ మీఆమద్. కొత్-ఎ ఖాకెస్తరీ-అష్ రా పూషీదె బూద్ వ దాష్త్ బె రాదియో గూష్ మీదాద్. సాల్‌హా బూద్ కె బె హమీన్ రాదియో గూష్ మీదాద్. గొఫ్త్ మాదరెత్ రఫ్తె బాజార్. ఖాస్తమ్ చీజీ బెగూయమ్, నతవానెస్తమ్. దర్ జవానీ, గూయా, బా కార్వాన్ బె తెఫ్లీస్ మీరఫ్తె అస్త్."

"నేను చేరేసరికి తాతయ్య కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. వాన పడుతోంది. బూడిదరంగు కోటు వేసుకుని రేడియో వింటున్నాడు. ఏళ్ళ తరబడి ఆ రేడియోనే వింటున్నాడు. మీ అమ్మ బజారుకెళ్ళింది అన్నాడు. నేనేదో అనబోయాను, అనలేకపోయాను. వయసులో ఉన్నప్పుడు బిడారులతో తిఫ్లిస్ వెళ్ళేవాడట."

తిఫ్లిస్ అంటే ఇప్పటి త్బిలిసీ. ఫార్సీలో మొదటి నాలుగు దృశ్యాలకి మూడు వేరువేరు రూపాలున్నాయి. నెషస్తె బూద్, పూషీదె బూద్ ఒక రకం, మీఆమద్ ఇంకో రకం, దాష్త్ గూష్ మీదాద్ మూడో రకం. ఇంగ్లిష్‌లో నాలుగూ ఒకటే అవుతాయి. 'వెన్ ఐ అరైవ్డ్, మై గ్రాండ్‌ఫాదర్ వజ్ సిట్టింగ్ బై ద విండో. ఇట్ వజ్ రెయినింగ్. హి వజ్ వేరింగ్ హిజ్ గ్రే కోట్ అండ్ లిజనింగ్ టు ద రేడియో.' మీ మొదటి డ్రాఫ్ట్‌లో ఇవి బహుశా 'హ్యాడ్ శాట్', 'వజ్ రెయినింగ్', 'హ్యాడ్ వోర్న్', 'వజ్ లిజనింగ్' అయి ఉంటాయి. టెన్స్ ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు ఎడిటర్‌కి కనిపించేది ఇలాంటి చోటే.

తర్వాతి వాక్యంలో అదే గూష్ మీదాద్ మళ్ళీ వచ్చింది, ఈసారి దాష్త్ లేకుండా. దాని ముందు సాల్‌హా బూద్ కె, అంటే "ఏళ్ళయింది" అనే మాట ఉంది. ఎప్పటినుంచో మొదలై కథ సమయానికీ నడుస్తున్న పని కాబట్టి ఇంగ్లిష్‌లో 'హి హ్యాడ్ బీన్ లిజనింగ్ టు దట్ సేమ్ రేడియో ఫర్ ఇయర్స్' అనాలి. ఫార్సీ పర్ఫెక్ట్‌కి ఇంగ్లిష్ పర్ఫెక్ట్ పెట్టని మనం, పర్ఫెక్ట్ కాని ఫార్సీ రూపానికి ఇక్కడ పెడుతున్నాం. తెలుగు కూడా ఫార్సీ దారినే "వింటున్నాడు" అంటుంది కాబట్టి ఇక్కడ మాత్రం తెలుగుని నమ్ముకుంటే దెబ్బతింటాం. సాల్ అస్త్ కె, సాల్ బూద్ కె, అజ్ లాంటి ఎంతకాలం, ఎప్పటినుంచి అని చెప్పే మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే ఇది తప్పిపోదు.

తాతయ్య మాట నేరుగా ఆయన నోటి మాటగా పెడితే 'యువర్ మదర్స్ గాన్ టు ద మార్కెట్' అని ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఉంటుంది. కథకుడి మాటల్లోకి మారిస్తే 'హి సెడ్ మై మదర్ హ్యాడ్ గాన్' అని వెనక్కి జరపాలి. ఫార్సీ ఈ జరుపుడు చెయ్యదు. దీదమ్ దర్ బాజ్ అస్త్ అంటే మాటకి మాటగా "తలుపు తెరిచి ఉంది అని చూశాను", ఇంగ్లిష్‌లో 'ఐ సా దట్ ద డోర్ వజ్ ఓపెన్'. గొఫ్త్ మీఆయద్ అంటే "వస్తానన్నాడు", 'హి సెడ్ హి వుడ్ కమ్'. భూతకాలపు కథలో హఠాత్తుగా వర్తమానం కనిపిస్తే, దాని ముందు గొఫ్త్, దీద్, ఫహ్మీద్, ఫెక్ర్ కర్ద్ లాంటి క్రియ ఉందేమో చూడండి. ఉంటే ఇంగ్లిష్‌లో ఒక మెట్టు వెనక్కి దించండి.

ఖాస్తమ్ చీజీ బెగూయమ్, నతవానెస్తమ్. ఇక్కడ మీఖాస్తమ్ కాకుండా ఖాస్తమ్ ఉండటమే ప్రాణం. నోరు తెరిచిన ఆ ఒక్క క్షణం. 'ఐ వాంటెడ్ టు సే సమ్‌థింగ్' అంటే నీరసంగా ఉంటుంది, 'ఐ ట్రైడ్ టు సే సమ్‌థింగ్ అండ్ కుడంట్' అంటే సరిపోతుంది. చివరి వాక్యంలో గూయా అనే మాటే "అట" అని చెబుతోంది కనుక 'యాజ్ ఎ యంగ్ మ్యాన్, ఇట్ సీమ్స్, హి యూజ్డ్ టు ట్రావెల్ టు తిఫ్లిస్ విత్ ద క్యారవాన్స్' అని తేలిగ్గా వచ్చేస్తుంది. గూయా లేకపోయినా క్రియారూపాన్ని బట్టి 'ఇట్ సీమ్స్' మనమే పెట్టాలి.

మీరు అడగకపోయినా మూడు చిన్న విషయాలు చెప్పాలి, ఎందుకంటే సంభాషణల్లో ఇవి తప్పకుండా తగులుతాయి. పిలిస్తే లోపల్నుంచి ఆమదమ్! అని కేకేస్తారు. ఇంకా రాలేదు, "వచ్చేశా!" అనడం. 'ఐ కేమ్' అని రాయకండి, 'కమింగ్!' అనండి. బస్సు దూరంగా కనిపించగానే ఒతోబూస్ ఆమద్ అంటే 'హియర్ కమ్స్ ద బస్'. అలాగే అగర్ దీదీష్, సలామ్ బెరెసూన్ అనే వాక్యంలో దీదీ సాదా భూతకాలమే అయినా మాట రేపటి గురించి, 'ఇఫ్ యు సీ హిమ్, సే హలో ఫ్రమ్ మీ'.

రెండోది రఫ్తె బూద్. ఇది ఎప్పుడూ 'హ్యాడ్ గాన్' కానక్కర్లేదు. అప్పుడే ఇంటికొచ్చినవాణ్ణి కొజా రఫ్తె బూదీ? అని అడుగుతారు. హైదరాబాద్ ఉర్దూలో "కహాఁ గయే థే" అన్నట్టే. వెళ్ళాడు, తిరిగొచ్చేశాడు, ఆ వెళ్ళడం ఇప్పుడు చెల్లిపోయింది, అందుకని ఆ రూపం. ఇంగ్లిష్‌లో 'వేర్ హ్యాడ్ యు గాన్' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, 'వేర్ వర్ యు?' చాలు. కథనంలో కూడా ఒక పాత సంఘటనలోకి వెనక్కి వెళ్ళినప్పుడు మొదటి రెండు వాక్యాలకే 'హ్యాడ్' పెట్టి, పాఠకుడు ఆ కాలంలో కుదురుకున్నాక సింపుల్ పాస్ట్‌లోకి జారిపోండి. ఫార్సీ రచయిత బూద్ మీద బూద్ పెడుతూ పోయినా ఇంగ్లిష్ అంత మోయలేదు.

మూడోది అగర్‌తో వచ్చే మీ- రూపాలు. అగర్ మీదానెస్తమ్, నెమీఆమదమ్ అనే వాక్యానికి ఇంగ్లిష్‌లో రెండు దారులున్నాయి. 'ఇఫ్ ఐ న్యూ, ఐ వుడంట్ కమ్' ఒకటి, 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడంట్ హ్యావ్ కమ్' ఇంకొకటి. ఫార్సీ వాక్యం ఏ దారో చెప్పదు, కథే చెప్పాలి. మాట్లాడేవాడు ఇప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడా లేదా చూడండి. వచ్చేసి ఉంటే రెండోదే. ఇలాంటి వాక్యాల్ని మొదటి విడతలో మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి వదిలేసి, ఆ సీన్ మొత్తం అయ్యాక వెనక్కి రావడం మంచిది. ఎందుకంటే అతను వచ్చాడా లేదా అనేది ఒక్కోసారి రెండు పేజీల తర్వాత గానీ తేలదు.